ఎస్ఎంసీ చైర్‌పర్సన్ రాజీనామా: రెండు పేజీల కోపం ఒక పేజీ లేఖ ఎలా అయింది

నేను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యులకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. శిక్షణ సంగతి ఎలా ఉన్నా, తల్లిదండ్రులు నా దగ్గరకు ఎక్కువగా వచ్చేది కాగితాల కోసమే: అర్జీ రాసిపెట్టమని, తీర్మానం చదివి చెప్పమని, అప్పుడప్పుడు రాజీనామా లేఖ సరిచేయమని. ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాల కేసు. స్కూలు, మనుషులు గుర్తుపట్టేలా ఉండకూడదని తేదీలు, పేజీ నంబర్లు, మొత్తాలు కొద్దిగా మార్చాను, మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ఆవిడ చైర్‌పర్సన్. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఎస్ఎంసీ ఎన్నికలు జరిగినప్పుడు తల్లిదండ్రుల్లోంచి ఎన్నికయ్యారు, కూతురు అదే స్కూల్లో ఆరో తరగతి. ఒక సాయంత్రం రెండు పేజీల లేఖ పట్టుకొచ్చి "అన్నా, ఇది కొంచెం చూసి పెట్టండి, రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను" అన్నారు. మొదటి వాక్యంలోనే "హెచ్‌ఎం గారు పిల్లల డబ్బు తిన్నారు" అని ఉంది. తర్వాత దొంగ తీర్మానం అని, కుట్ర అని, చివర్లో ఇలాంటి కమిటీలో ఉండటం సిగ్గుచేటని ఉంది. "రేపు ఇవ్వొద్దమ్మా, ముందు అసలేం జరిగిందో పుస్తకాల వరసలో చెప్పండి" అన్నాను.

ఆమె చెప్పిందాంట్లోంచి కోపాన్ని పక్కన పెట్టి చూస్తే విషయం ఇది. స్కూల్లో 140 మందికి పైగా పిల్లలు. సమగ్ర శిక్ష మార్గదర్శకాల ప్రకారం 101 నుంచి 250 మంది పిల్లలున్న స్కూలుకి ఏడాదికి 50,000 రూపాయల వరకు కాంపోజిట్ గ్రాంట్ వస్తుంది, అందులో కనీసం 10 శాతం స్వచ్ఛతకు, అంటే మరుగుదొడ్లు, నీళ్లు, శుభ్రత లాంటివాటికి పెట్టాలి. జనవరి 18న జరిగిన సమావేశంలో ఆడపిల్లల మరుగుదొడ్లకు రెండు తలుపులు, గడియలు, నీళ్ల పైపు ముందు చేయించాలని తీర్మానం చేశారు. ఆ తలుపులు విరిగిపోయి చాలా కాలమైంది, ఆడపిల్లలు ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట కాపలా నిలబడుతున్నారు. ఆవిడ చైర్‌పర్సన్‌గా పోటీ చేసిందే ఆ తలుపుల కోసం.

ఫిబ్రవరి రెండో వారంలో స్కూలు ముందు గోడకు, వరండాకు రంగులు పడ్డాయి. బిల్లు 18,600. ఈ స్కూల్లో డబ్బు చెల్లించాలంటే కాగితం మీద హెచ్‌ఎం, చైర్‌పర్సన్ ఇద్దరి సంతకాలూ కావాలి కాబట్టి, బిల్లు ఆమె ముందుకొచ్చింది. "తీర్మానం లేకుండా ఎలా సార్?" అని అడిగితే "తర్వాత రాసుకుందాంలేమ్మా, మార్చి 31 లోపు ఖర్చు చూపించకపోతే డబ్బు వెనక్కి పోతుంది" అన్నారట. ఆవిడ సంతకం పెట్టలేదు. ఫిబ్రవరి 22 సమావేశంలో రంగుల పని నాలుగో అంశంగా వచ్చింది, ఆమె, ఇంకో ఇద్దరు తల్లులు వద్దన్నారు. రెండు మూడు రోజుల తర్వాత మినిట్స్ బుక్ తెరిచి చూస్తే నాలుగో అంశం కింద "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంది, ఆ పేజీ అడుగున ఆమె సంతకం ఉంది.

సంతకం నిజమే. చాలా స్కూళ్లలో జరిగేదే ఇక్కడా జరిగింది. సమావేశం మొదట్లో హాజరు కోసమని పుస్తకం అందరికీ తిప్పుతారు, అందరూ పేజీ అడుగున సంతకాలు పెడతారు, పైన ఖాళీలో తీర్మానాలు తర్వాత ఎప్పుడో రాస్తారు. దీనికి ప్రతిసారీ చెడు ఉద్దేశం ఉండక్కర్లేదు, రాసే టీచరుకి అప్పటికి టైమ్ ఉండదు, అంతే. కానీ ఫలితం మాత్రం ఒకటే, మీరు వద్దన్న తీర్మానం కింద మీ సంతకమే సాక్ష్యంగా ఉంటుంది. అందుకే శిక్షణలో ఈ ఒక్క మాట విసుగు పుట్టేదాకా చెబుతాను: హాజరుకు వేరే పేజీ పెట్టమనండి, తీర్మానం రాసి, చదివి వినిపించాక, ఆఖరి లైను కిందే సంతకం పెట్టండి, ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టండి.

ఏది చూపించగలం, ఏది చూపించలేం

ఆ రాత్రి ఆమె లేఖలో ఉన్న ఒక్కో వాక్యం పక్కన "దీనికి కాగితం ఏది?" అని రాసుకుంటూ వెళ్లాం. జనవరి 18 తీర్మానానికి మినిట్స్ బుక్‌లో పేజీ ఉంది. రంగుల బిల్లుకు తేదీ ఉంది, అది ఫిబ్రవరి 12. ఈ రెండు తేదీల మధ్య రంగుల గురించి తీర్మానం ఆమె చూసిన పుస్తకంలో కనపడలేదు. ఫిబ్రవరి 22న తాను అభ్యంతరం చెప్పానన్నది ఆమె సొంతంగా చేసిన పని, దాన్ని తన సంతకంతో తనే ధైర్యంగా చెప్పగలదు. ఇంతవరకు గట్టి నేల.

"డబ్బు తిన్నారు" అన్నదానికి ఏమీ లేదు. రంగులు నిజంగానే పడ్డాయి, గోడ కళ్ల ముందే ఉంది. బిల్లు ఎక్కువ వేశారా అంటే ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. "దొంగ తీర్మానం" అన్నమాట కూడా నిలబడదు, ఎందుకంటే ఎవరు ఎప్పుడు రాశారో ఆమె చూడలేదు. చూసిందల్లా రాసి ఉన్న మాట, దానికీ సమావేశంలో జరిగినదానికీ ఉన్న తేడా. తేడా ఉందని చెప్పడానికి ఆమెకు పూర్తి హక్కు ఉంది, కారణం ఏమిటో చెప్పే బాధ్యత ఆమెది కాదు, అది విచారణ చేసేవాళ్ల పని.

మిగతా ఇద్దరు తల్లుల సంగతి దగ్గర ఆవిడ కొంచెం పట్టుబట్టారు. "వాళ్లూ వద్దన్నారు కదా అన్నా, పేర్లు రాస్తాను." వద్దన్నాను. వాళ్ల తరఫున మనం రాస్తే, రేపు హెచ్‌ఎం గదిలో కూర్చోబెట్టి అడిగినప్పుడు వాళ్లలో ఒక్కరు "నేను అలా అనలేదు సార్" అంటే చాలు, మొత్తం లేఖ మీద అనుమానం పడుతుంది. వాళ్లను వేరుగా అడిగాం. ఒకావిడ తన అభ్యంతరాన్ని తనే సొంతంగా రాసి సంతకం పెట్టి ఇచ్చారు. రెండో ఆవిడ ఇంట్లో ఒప్పుకోరన్నారు, ఆమెను ఇక అడగలేదు.

మూడు పనులు, మూడు కాగితాలు

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. ఆవిడ రెండు పేజీల్లో మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ఒకటి, తీర్మానం తప్పుగా నమోదైందన్న అసమ్మతి. రెండు, గ్రాంట్ ఖర్చు మీద, తలుపుల మీద ఫిర్యాదు. మూడు, రాజీనామా. ఈ మూడూ ఒకే లేఖలో ఇస్తే ఆఫీసులో ఏం జరుగుతుందో నేను చాలాసార్లు చూశాను. పై అధికారి దాన్ని రాజీనామాగానే చూస్తారు, "ఆమోదించడమైనది, కొత్త చైర్‌పర్సన్‌ను ఎన్నుకోండి" అని ఒక లైను రాస్తారు, ఫైలు మూసుకుంటుంది. ఫిర్యాదు కూడా దాంతోపాటే మూసుకుపోతుంది, ఎందుకంటే కాగితం ఒక్కటే, దాని మీద చర్య తీసుకోవడం అయిపోయింది. పైగా రాజీనామా చేసిన మనిషి కోపంతో మాట్లాడుతోందని తేలిగ్గా అనేస్తారు.

ఇంకో సంగతి. చెల్లింపు కాగితం మీద సంతకం పెట్టకుండా ఉండగలగడమే చైర్‌పర్సన్‌కు ఉన్న అసలు బలం. రాజీనామా ఇచ్చిన రోజే ఆ బలం పోతుంది, కొత్తగా వచ్చినవాళ్లు అదే బిల్లు మీద మర్నాడే సంతకం పెట్టొచ్చు. అందుకని వరస ముఖ్యం. ముందు అసమ్మతి, తర్వాత ఫిర్యాదు, అది అధికారి చేతికి చేరిందని రుజువు వచ్చాకే రాజీనామా.

ఫిబ్రవరి 27న అసమ్మతి లేఖ ఇచ్చారు, అరపేజీ, హెచ్‌ఎంకే, ఎందుకంటే కమిటీకి సభ్య కన్వీనర్ ఆయనే. 22వ తేదీ నాలుగో అంశం మీద తాను అభ్యంతరం చెప్పానని, అది మినిట్స్‌లో చేరలేదని, వచ్చే సమావేశం అజెండాలో ఈ సవరణ పెట్టి ఈ లేఖను మినిట్స్ బుక్‌కు జతచేయమని అడిగారు. రెండో కాపీ మీద ఆఫీసులో "అందినది" అని తేదీ వేసి సంతకం చేసి ఇచ్చారు. అప్పటికి గొడవ ఇంత దూరం వెళ్తుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి తేలిగ్గానే ఇచ్చారు, కానీ ఆ చిన్న సంతకం తర్వాత చాలా పనికొచ్చింది.

మార్చి 10న మండల విద్యాశాఖాధికారికి, అంటే ఎంఈఓకి ఫిర్యాదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21లో కమిటీ పనులు రాసి ఉన్నాయి, గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం అందులో ఒకటి. అదే చట్టం షెడ్యూలులో ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరు వేరు మరుగుదొడ్లు ఉండాలని ఉంది. ఫిర్యాదు ఆ రెండిటి మీదే నిలబెట్టాం. పిల్లల హక్కుకు సంబంధించిన ఫిర్యాదు రాతపూర్వకంగా ఇస్తే స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లోపు తేల్చాలని సెక్షన్ 32 చెబుతుంది, ఆ సెక్షన్ నంబరు కూడా రాశాం. అందులో అడిగింది కూడా చిన్నదే: క్యాష్ బుక్, వోచర్లు, మినిట్స్ బుక్ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, జనవరి 18 తీర్మానం అమలు చేయించండి. "చర్య తీసుకోండి", "సస్పెండ్ చేయండి" లాంటి మాటలు ఒక్కటీ పెట్టలేదు.

మార్చి 15 సమావేశం అజెండాలో సవరణ అంశం రాలేదు. ఆ రోజు రాత్రి ఫోన్ చేసి, ఇక తప్పుకుంటానన్నారు. కమిటీ కాలం రెండేళ్లు, ఉండి సంతకం పెట్టకుండా నిలబడమనే చెప్పాను. "సంతకం పెట్టను. పెట్టకుండా ఆ కుర్చీలో కూర్చుంటే ఊళ్లో రోజూ మాటలు పడుతున్నాను అన్నా, మా ఆయన్ని కూడా అడుగుతున్నారు" అన్నారు. ఆ టెన్షన్ మోయాల్సింది ఆవిడ, నేను కాదు. ఇంకేం వాదించలేదు.

"వ్యక్తిగత కారణాల వల్ల"

ఆ రెండు రోజుల్లో ఊరి పెద్దమనిషి ఒకాయన ఆవిడ ఇంటికొచ్చి "ఎందుకమ్మా ఇదంతా, వ్యక్తిగత కారణాల వల్ల అని ఒక్క ముక్క రాసివ్వు, గౌరవంగా ఉంటుంది, పాప ఇంకా అదే స్కూల్లో చదవాలి కదా" అన్నారు. మంచి మనసుతోనే చెప్పారని నా నమ్మకం. కానీ అలా రాయడం ఆమెకు నష్టం. రేపు ఆడిట్‌లో ఆ వోచర్ మీద ప్రశ్న వస్తే, మినిట్స్‌లో ఏకగ్రీవం అని, కింద ఆమె సంతకం అని, రాజీనామాలో వ్యక్తిగత కారణాలని ఉంటుంది. అభ్యంతరం చెప్పిన మనిషి ఆనవాలే రికార్డులో మిగలదు. కారణం రాయాలి, ఒక్క వాక్యంలో, నిందలు లేకుండా, అంతే.

గౌరవంగా రాయడమంటే మెత్తగా రాయడం అని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అవతలివాళ్ల ఉద్దేశాల గురించి ఒక్క మాట కూడా రాయకపోతే చాలు, లేఖకు గౌరవం దానంతటదే వస్తుంది. తేదీ, పుస్తకం, పేజీ, నేను చేసింది, నేను చేయనిది. విశేషణాలు తీసేశాక ఆమె రెండు పేజీల్లో మిగిలింది ఇది:

> పాఠశాల యాజమాన్య కమిటీ సభ్య కన్వీనర్ గారికి,
>
> విషయం: చైర్‌పర్సన్ పదవికి, కమిటీ సభ్యత్వానికి రాజీనామా.
>
> అయ్యా,
>
> నేను 2024 ఆగస్టు నుంచి ఈ కమిటీ చైర్‌పర్సన్‌గా ఉన్నాను. ఈ రోజు, 17-03-2025 నుంచి పై రెండు బాధ్యతలకూ రాజీనామా చేస్తున్నాను.
>
> 22-02-2025 సమావేశంలో 4వ అంశంపై నేను అభ్యంతరం తెలిపాను. మినిట్స్ బుక్ 27వ పేజీలో ఆ అంశం ఏకగ్రీవంగా నమోదై ఉంది. ఆ పేజీలోని నా సంతకం సమావేశం మొదట్లో హాజరు కోసం చేసినది. సవరణ కోరుతూ 27-02-2025న ఇచ్చిన నా లేఖలోని అంశం 15-03-2025 సమావేశం అజెండాలో లేదు. ఈ పరిస్థితిలో చైర్‌పర్సన్‌గా కొనసాగలేనని నిర్ణయించుకున్నాను.
>
> 12-02-2025 తేదీ గల 18,600 రూపాయల బిల్లుకు సంబంధించిన చెల్లింపు పత్రంపై నేను సంతకం చేయలేదు. అంతకుముందు చెల్లింపులపై చేసిన సంతకాలు నావే.
>
> 10-03-2025న మండల విద్యాశాఖాధికారి గారికి ఇచ్చిన ఫిర్యాదు వేరుగా కొనసాగుతుంది. ఈ రాజీనామా వల్ల దానిని ఉపసంహరించుకున్నట్టు కాదు.
>
> నా దగ్గరున్న బీరువా తాళం ఒకటి ఈ లేఖతోపాటు అప్పగిస్తున్నాను. బ్యాంకు రికార్డులో సంతకందారు పేరు మార్చించి నాకు తెలియజేయగలరు.
>
> కమిటీలో పనిచేసే అవకాశం ఇచ్చిన తల్లిదండ్రులకు, సహకరించిన ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు.
>
> ఇట్లు,
>
> (సంతకం)
>
> నకలు: మండల విద్యాశాఖాధికారి గారికి.

ఇందులో రెండు వాక్యాల గురించి కొంచెం చెప్పాలి. "అంతకుముందు చెల్లింపులపై చేసిన సంతకాలు నావే" అన్నది రాయడానికి ఆవిడ మొదట ఒప్పుకోలేదు, ఎందుకు మనమే తగిలించుకోవడం అన్నారు. రాజీనామా చేస్తే పాత సంతకాల బాధ్యత పోదు. వాటిని ఒప్పుకుంటేనే, చేయని సంతకం గురించి చెప్పిన మాటకు నమ్మకం వస్తుంది. రెండోది, ఫిర్యాదు ఉపసంహరణ కాదన్న వాక్యం. అది లేకపోతే "ఆవిడ తప్పుకున్నారు కదా, ఇంకేముంది" అని ఫిర్యాదును పక్కన పెట్టేయడం చాలా సులువు.

కృతజ్ఞతల వాక్యం ఆవిడే పెట్టించారు. ఇద్దరు టీచర్లు నిజంగా ఆమెకు తోడుగా నిలబడ్డారు, వాళ్ల పేర్లు రాస్తే వాళ్లకు ఇబ్బంది అని పేర్లు లేకుండా రాశాం.

ఇవ్వడం, ఇచ్చినట్టు రుజువు

ఈసారి స్కూల్లో లేఖ తీసుకోలేదు. "సార్ లేరు, రేపు రండి" అన్నారు, మర్నాడు కూడా అదే మాట. మూడోసారి వెళ్లనివ్వలేదు నేను, అక్కడ మాటామాటా పెరిగితే అప్పటిదాకా కాపాడుకున్నదంతా పోతుంది. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో, హెచ్‌ఎంకి ఒకటి, ఎంఈఓకి ఒకటి పంపాం. తాళం పోస్టులో పెట్టలేం కదా, లేఖలో ఆ వాక్యాన్ని "మీరు చెప్పిన రోజున అప్పగిస్తాను" అని మార్చి పంపి, తర్వాత ఒక టీచరు చేత రాయించుకుని అప్పగించారు. రసీదులు, డెలివరీ ట్రాకింగ్ ప్రింటు, లేఖ కాపీ అన్నీ ఒకే కవర్లో.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దన్నాను. చాలామంది రాజీనామా లేఖను ఇచ్చేముందే అక్కడ పెడతారు. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద ఉంది. విచారించే అధికారం ఉన్నవారికి సద్భావంతో చేసిన ఫిర్యాదుకు ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది, గ్రూపులో రెండు వందల మందికి పంపినదానికి ఆ రక్షణ దొరకడం కష్టం. లేఖలో నిందలు లేవు కాబట్టి పెట్టినా పెద్ద ప్రమాదం ఉండేది కాదేమో. కానీ లేఖ కింద వచ్చే వంద కామెంట్లు మన చేతిలో ఉండవు, అవన్నీ ఆమె తరఫున అన్నట్టే లెక్కవుతాయి. గ్రూపులో ఒక్క వాక్యం పెట్టారు: "నేను చైర్‌పర్సన్ బాధ్యత నుంచి తప్పుకున్నాను, కారణాలు లేఖలో తెలియజేశాను." ఎంతమంది గుచ్చి గుచ్చి అడిగినా అంతకు మించి రాయలేదు.

ఏప్రిల్ మొదట్లో ఎంఈఓ స్కూలుకొచ్చి పుస్తకాలు చూశారు. ఆవిడను కూడా పిలిచారు. హెచ్‌ఎం చెప్పిందేమిటంటే, పై అధికారుల సందర్శన ఉందని, స్కూలు బయటి నుంచి బాగా కనిపించాలని ఒత్తిడి వచ్చిందని, సంవత్సరాంతం దగ్గరపడటంతో తీర్మానం దాకా ఆగలేదని. నాకు అది నిజమే అనిపించింది. "డబ్బు తిన్నారు" అని రాసి ఉంటే ఆ గదిలో చర్చంతా ఆ మాట మీదే జరిగేది, ఆమె దాన్ని రుజువు చేయలేక తల దించుకునేది. రాసింది తీర్మానం లేని ఖర్చు గురించి, చేయని తలుపుల గురించి కాబట్టి ప్రశ్నలూ వాటి మీదే వచ్చాయి. ముందస్తు తీర్మానం లేకుండా పని జరిగిందని ఎంఈఓ తన పరిశీలనలో రాశారు. అసమ్మతి లేఖను మినిట్స్ బుక్‌లో అతికించి పక్కన తేదీ వేశారు. నిధుల దుర్వినియోగం అని ఎక్కడా రాయలేదు, రాయడానికి ఆధారం కూడా లేదు.

రంగుల బిల్లును కొత్త చైర్‌పర్సన్ వచ్చాక కమిటీ ముందు పెట్టి ఆమోదించారు. అది ఆవిడకు నచ్చలేదు, నాకూ నచ్చలేదు. కానీ ఆమోదించాల్సిన కమిటీ ఈసారి చదివి, చేతులెత్తి, వద్దన్న ఒకరి పేరు కూడా రాసి ఆమోదించింది. తలుపులు జూన్‌లో బడి తెరిచేసరికి పెట్టారు, పైపు పని మాత్రం ఇంకా మిగిలింది. బ్యాంకులో సంతకందారు మార్పు అన్నిటికంటే ఆలస్యమైంది. కొత్త చైర్‌పర్సన్ ఎన్నిక తీర్మానం కాపీ, కేవైసీ కాగితాలు చేరేదాకా పాత పేరే నడిచింది. ఆ మధ్యలో తన సంతకంతో ఏ కాగితమూ తీసుకోవద్దని రాజీనామా కాపీ జతచేసి బ్రాంచి మేనేజర్‌కు ఆవిడే ఒక లేఖ ఇచ్చి, దాని మీద బ్యాంకు ముద్ర వేయించుకొచ్చారు.